ఆవిరి పట్టిన లైడార్, రెండుసార్లు రాసిన మెయిల్: ఒక డెలివరీ రోబో పైలట్ ఆలస్యం కేసు

పైలట్ ఆలస్యమైనప్పుడు క్లయింట్‌కు వెళ్లే మెయిల్‌ను స్టార్టప్‌లలో చాలావరకు క్షమాపణ పత్రంగా చూస్తారు. ఇంజినీరు రాస్తాడు, సేల్స్ వాళ్లు పదును తగ్గిస్తారు, ఫౌండర్ ఒక ఆశాజనకమైన తేదీ చేరుస్తాడు. ఈ కేసులో మొదటి మెయిల్ అలాగే పోయింది, అందులో చెప్పిన కారణం తొమ్మిది రోజుల్లో తప్పని తేలింది. రెండో మెయిల్ ఎలా తయారైంది, ఏ వాక్యం ఎందుకు ఉంచారు, ఏది ఎందుకు తీసేశారు అన్నదే ఇక్కడి విషయం. మనుషులు, సంస్థలు, సైటు గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాం.

నేపథ్యం

బెంగళూరు స్టార్టప్ ఒకటి గేటు దగ్గర దిగిన పార్సిళ్లను టవర్ లాబీల దాకా చేర్చే ఆరు చక్రాల రోబో తయారు చేసింది. చెన్నై ఓఎంఆర్ వైపు ఒక పెద్ద గేటెడ్ కమ్యూనిటీలో సెప్టెంబరు 1 నుంచి 6 వారాల పైలట్, 2 రోబోలు, 5 టవర్లు. క్లయింట్ అంటే ఆ కమ్యూనిటీ నిర్వహణ చూసే కంపెనీ. అక్కడ ఈ పనికి బాధ్యురాలు ఆపరేషన్స్ మేనేజర్, ఆమె పైన నివాసుల కమిటీ. ఇంజినీరూ, ఆవిడా ఇద్దరూ తెలుగువాళ్లే. ఫోన్‌లో మాటలు తెలుగులో నడిచేవి. మెయిళ్లు మాత్రం కమిటీకి ఫార్వర్డ్ అవుతాయి కాబట్టి ఇంగ్లిష్‌లో వెళ్లేవి. ఇక్కడ వాటి సారాన్ని తెలుగులో ఇస్తున్నాం.

రోబో తల మీద ఒక లైడార్ ఉంటుంది. కంటికి కనబడని 905 నానోమీటర్ల లేజర్ పల్సులు చుట్టూ వదిలి, తిరిగొచ్చిన సమయాన్ని బట్టి దూరం కొలుస్తుంది. దాని చుట్టూ 2 మి.మీ. మందమున్న పోలీకార్బొనేట్ తెర ఉంది. నీరు లోపలికి పోకుండా ఐపీ65 స్థాయిలో సీలు చేసి, బెంగళూరు వానల్లో నాలుగు నెలలు తిప్పి చూశారు. ఏ ఇబ్బందీ రాలేదు. చెన్నైలో ఖాళీ సమయంలో రోబోలు "ఏ" టవర్ లాబీలో ఛార్జింగ్ డాక్ మీద నిలబడేవి. ప్లగ్ పాయింటు, సీసీ కెమెరా, ఏసీ అన్నీ అక్కడే ఉన్నాయి. డాక్‌కు అంతకంటే మంచి చోటు లేదనిపించింది. తర్వాత చూస్తే సమస్య ఆ చోటులోనే ఉంది.

సమస్య ఎలా కనబడింది

మొదటి రోజు సాయంత్రం నుంచే రోబో లాబీ దాటి 20, 30 మీటర్లు పోయి ఆగిపోయేది. స్క్రీన్ మీద "అడ్డంకి ఉంది" అని వచ్చేది, ఎదురుగా చూస్తే ఏమీ ఉండేది కాదు. లాగ్‌లో తెరకు ఆనుకుని, 10 నుంచి 35 సెంటీమీటర్ల లోపు చుట్టూతా చుక్కలు కనబడ్డాయి, రోబో తన చుట్టూ గోడ కట్టుకున్నట్టు. ఆగడం సరైన ప్రవర్తనే. అనుమానమొస్తే ఆగమనే దానికి చెప్పారు. కానీ పది నిమిషాలు దారి మధ్యలో నిలబడ్డ డబ్బాను చూసి నివాసులు ఫొటోలు తీసి గ్రూపులో పెట్టేవారు, కమిటీ మేనేజర్‌ను నిలదీసేది.

ఆరో రోజుకు పైలట్ ఆపారు. అదే రోజు మొదటి మెయిల్ వెళ్లింది. దాని సారం నాలుగు ముక్కల్లో: లైడార్ యూనిట్లలో లోపం ఉంది, సరఫరాదారు కొత్తవి పంపుతున్నాడు, 5 రోజుల్లో తిరిగి మొదలుపెడతాం, అసౌకర్యానికి చింతిస్తున్నాం.

పదో రోజు కొత్త లైడార్లు బిగించారు. పదకొండో రోజు సాయంత్రం అవీ అలాగే ఆగిపోయాయి. పాత యూనిట్లను ల్యాబులో పరీక్షించిన సరఫరాదారు లోపమేమీ లేదని తిప్పి పంపాడు.

మెయిల్ రాసిన రోజున ఇంజినీరు చేతిలో ఉన్న ఆధారం ఒక్కటే: లైడార్ డేటా చెడ్డగా ఉంది. డేటా చెడ్డగా ఉండటానికీ సెన్సార్ చెడిపోవడానికీ మధ్య ఇంకా చాలా ఉంటాయి. తెర, కేబుల్, కరెంటు, ఎండ, దుమ్ము. అదీకాక రెండు రోబోల్లోని రెండు లైడార్లు ఒకే వారంలో ఒకేలా పాడవడం అరుదు. అలా జరిగిందంటే యూనిట్ కంటే ముందు వాటికి ఉమ్మడిగా ఉన్నదాన్ని, అంటే చోటునూ వాతావరణాన్నీ అనుమానించాలి. మెయిల్‌లో "లోపం ఉంది" బదులు "లోపం ఉందని అనుమానిస్తున్నాం, కొత్తవి బిగించి 48 గంటలు చూస్తే తెలుస్తుంది" అని రాసి ఉంటే, యూనిట్ల మార్పిడి విఫలమవడం కూడా ఒక సమాచారమయ్యేది. ఇప్పుడది మాట తప్పడమైంది.

అసలు కారణం దొరికిన తీరు

దారి చూపింది గేటు సెక్యూరిటీ మనిషి. రోబో ఆగినప్పుడల్లా భుజం మీది తువ్వాలుతో దాని తల తుడిచేవాడు, అది కదిలేది. "తుడిస్తే పోతుంది సార్" అని వారం నుంచీ చెబుతూనే ఉన్నాడు. దుమ్ము గురించి చెబుతున్నాడని అందరూ అనుకున్నారు. తువ్వాలు తడిగా ఉందని ఎవరూ చూడలేదు.

పద్నాలుగో రోజున ఇంజినీరు అప్పటిదాకా ఆగిన 41 సందర్భాలనూ రోబో ఎక్కడి నుంచి బయల్దేరిందో దాన్ని బట్టి విడదీశాడు. 38 సందర్భాల్లో అది లాబీ నుంచి బయటికొచ్చి మూడు నిమిషాలు కాలేదు. గేటు దగ్గర అరగంటకు పైగా ఎండలోనో నీడలోనో నిలబడి బయల్దేరిన ట్రిప్పుల్లో ఒక్కటీ ఆగలేదు. యూనిట్ చెడిపోతే అది ఎక్కడి నుంచి బయల్దేరిందో చూసి మరీ ఆగదు.

లాబీ ఏసీ 23 డిగ్రీల దగ్గర ఉంది. బయట సాయంత్రం 30 డిగ్రీలు, తేమ 78 శాతం. ఆ గాలి ఎంత చల్లబడితే అందులోని ఆవిరి నీటిచుక్కలుగా మారుతుందో చెప్పేదే డ్యూ పాయింట్. లెక్క ఇంతే:

```
g  = ln(RH/100) + 17.62*T/(243.12 + T)
Td = 243.12*g / (17.62 - g)
```

T దగ్గర 30, RH దగ్గర 78 వేస్తే 25.7 డిగ్రీలు వస్తుంది. గంటల తరబడి 23 డిగ్రీల్లో ఉన్న తెర ఆ గాలిలోకి వస్తే దాని మీద మంచు పడక తప్పదు. సన్నటి చుక్కలు లేజర్‌ను చెదరగొట్టి కొంత వెనక్కి తిప్పుతాయి, అదే ఆ లేని గోడ. పావుగంటలో తెర వేడెక్కి మంచు ఆరిపోతుంది, అందుకే ఇంజినీరు వచ్చి చూసేసరికి అన్నీ బాగుండేవి.

బెంగళూరులో ఎందుకు బయటపడలేదో కూడా ఇదే లెక్క చెబుతుంది. అక్కడ వానాకాలపు సాయంత్రం 24 డిగ్రీలు, 85 శాతం తేమ అనుకున్నా డ్యూ పాయింట్ 21 దాటి కొంచెమే వెళ్తుంది. 23 డిగ్రీల లాబీ నుంచి వచ్చిన తెర దానికంటే వెచ్చగానే ఉంటుంది. ఐపీ పరీక్ష నీరూ దుమ్మూ లోపలికి పోతాయా అని మాత్రమే చూస్తుంది. గాలిలోంచి తెర బయటి ముఖం మీద పుట్టే నీటికి ఆ పరీక్షతో సంబంధం లేదు.

వద్దనుకున్న పరిష్కారాలు

మొదట వచ్చిన ఆలోచన సాఫ్ట్‌వేర్‌ది: 40 సెంటీమీటర్ల లోపు చుక్కలన్నీ వదిలేయమని చెప్పడం. ఒక సాయంత్రం పని, మెయిల్‌లో "ఫిక్స్ చేశాం" అని రాసుకోవచ్చు. రికార్డు చేసిన డేటా మీద ప్రయత్నిస్తే రోబో ఆగకుండా పోయింది కూడా. కానీ మంచు పట్టిన ఆ నిమిషాల్లోనే 12 మీటర్ల దూరంలో ఎప్పుడూ కనబడే దీపస్తంభం 5 మీటర్ల దాకా వస్తే గానీ కనబడలేదు. చుక్కలు వెనక్కి తిప్పిన వెలుగుతో పాటు దూరం పోవలసిన వెలుగు కూడా తగ్గిపోయింది. ఫిల్టర్ వేస్తే హెచ్చరిక పోతుంది, చూపు మాత్రం తిరిగి రాదు. పైగా తన పక్కనే కూర్చున్న పిల్లాడు కూడా ఆ 40 సెంటీమీటర్లలోనే ఉంటాడు. దాన్ని వదిలేశారు.

నీళ్లు నిలవని పూత రాశారు. అది వానచుక్కను జారుస్తుంది కానీ, మంచును చిన్న చిన్న ముత్యాలుగా విడగొడుతుంది. ఒక్కో ముత్యం ఒక్కో కటకం, డేటా ఇంకా పాడైంది. దానికి వ్యతిరేకమైన పూత, నీటిని పలచని పొరగా పరిచేది, రెండు రోజులు బాగా పనిచేసింది. మూడో రోజున హౌస్‌కీపింగ్ వాళ్లు స్పిరిట్‌తో శుభ్రంగా తుడిచేశారు. తెర లోపల సిలికా జెల్ పెట్టాలన్న సూచన కూడా వచ్చింది కానీ, మంచు పడుతున్నది బయటి వైపు.

మిగిలింది తెరను చల్లబడనివ్వకపోవడం. డాక్‌ను లాబీలోంచి పోర్టికోకు మారిస్తే రోబో ఎప్పుడూ బయటి గాలి వేడిలోనే ఉంటుంది. పార్సిల్ ఇవ్వడానికి లాబీలోకి పోవాలి కదా అన్న ప్రశ్న ఉంది. తెర మీద థర్మోకపుల్ అంటించి చూస్తే, బయట 30 డిగ్రీలున్న తెర లాబీలో 3 నిమిషాలకు 26.7కు, 4 నిమిషాలకు 26కు దిగింది. డ్యూ పాయింట్ 25.7. కాబట్టి లాబీలో 3 నిమిషాల పరిమితి పెట్టారు. ఆలోగా పార్సిల్ తీసుకోకపోతే రోబో బయటికొచ్చి పోర్టికోలో వేచి ఉంటుంది. తెర అంచున హీటర్ తీగ శాశ్వత పరిష్కారం. పోలీకార్బొనేట్ వేడిని బాగా ప్రవహింపజేయదు కాబట్టి అంచున ఇచ్చిన వేడి మధ్యకు చేరడానికి సమయం పడుతుంది, దాన్ని సరిగ్గా చేయడానికి నెల పైనే కావాలి.

రెండో మెయిల్: ఒక్కో నిర్ణయం

పదహారో రోజున మెయిల్ చిత్తుప్రతి మీద స్టార్టప్‌లో వాదన జరిగింది. సేల్స్ వైపు నుంచి "సెన్సార్ క్యాలిబ్రేషన్‌లో చిన్న సర్దుబాటు" అనమన్నారు. ఆ మాట వాడితే డాక్ ఎందుకు మార్చాలో చెప్పలేరు, డాక్ మార్చడానికి క్లయింట్ అనుమతి కావాలి. అబద్ధం కాకపోయినా ఆ మాట తర్వాతి వాక్యానికి తలుపు మూసేస్తుంది. ఫౌండర్‌కు మొదటి మెయిల్ ప్రస్తావనే ఇష్టం లేదు. కానీ మేనేజర్ ఆ మెయిల్‌ను ఇప్పటికే కమిటీకి పంపారు. పాత కారణాన్ని ఎవరూ వెనక్కి తీసుకోకపోతే కమిటీ దగ్గర రెండు కారణాలు ఉంటాయి, వాటి మధ్య సమాధానం చెప్పవలసింది ఆవిడ. అందుకే తప్పు ఒప్పుకునే వాక్యం మొదటి పేరాలోనే ఉండాలని తేల్చారు. అయితే ఒక్క వాక్యమే, సాగదీయకుండా.

ఇంకో నిర్ణయం డ్యూ పాయింట్ లెక్క గురించి. ఇంజినీరు గ్రాఫులు జతచేయాలనుకున్నాడు. కమిటీలో వాటిని చదివేవాళ్లు ఒకరిద్దరుంటారు, మిగతావాళ్లు నమ్మడమో మానడమో చేస్తారు. ఒకసారి తప్పిన కారణాన్ని ఈసారి నమ్మమనడం కష్టం. వాళ్లే పరీక్షించుకోగలగాలి. చెన్నైలో ఏసీ కారు దిగగానే కళ్లద్దాలకు ఆవిరి పట్టడం అందరికీ తెలిసిందే. ఆ పోలిక, దానితో పాటు ఐదు నిమిషాల్లో చేసుకోగల ఒక పరీక్ష మెయిల్‌లోకి వచ్చాయి. గ్రాఫులు అడిగితే పంపాలనుకున్నారు.

వెళ్లిన మెయిల్ ఇది.

> విషయం: రోబో పైలట్ సుమారు 4 వారాలు ఆలస్యం. కారణం, కొత్త తేదీలు, మీ నుంచి కావలసిన ఒక అనుమతి
>
> నమస్తే మేడమ్,
>
> పైలట్ 28వ తేదీకి ముందు తిరిగి మొదలవదు. 6వ తేదీ మెయిల్‌లో లైడార్ యూనిట్లు చెడిపోయాయని రాశాను. అది తప్పు. యూనిట్లు బాగానే ఉన్నాయి.
>
> జరుగుతున్నది ఇది. రోబో ఏసీ లాబీలో గంటల తరబడి నిలబడి చల్లబడుతోంది. బయటి తేమగాలిలోకి రాగానే లైడార్ తెర మీద ఆవిరి పడుతోంది, ఏసీ కారు దిగినప్పుడు కళ్లద్దాలకు పట్టినట్టే. ఎదురుగా ఏముందో స్పష్టంగా కనబడక రోబో ఆగిపోతోంది. ఆగిన 41 సార్లలో 38 సార్లు అది లాబీ దాటి 3 నిమిషాల్లోపే. మిగతా 3 సార్లకు కారణం ఇంకా తేలలేదు.
>
> మీరే చూడాలనుకుంటే, ఒక స్టీలు గ్లాసును గంటసేపు "ఏ" టవర్ లాబీలో ఉంచి సాయంత్రం 7 గంటలకు పోర్టికోలోకి తీసుకురండి. దాని మీద చెమట పట్టినంత కాలం రోబో తెర మీదా పడుతుంది.
>
> మేం చేసేది: ఛార్జింగ్ డాక్‌ను లాబీ నుంచి పోర్టికోకు మారుస్తాం. రోబో ఏ లాబీలోనూ 3 నిమిషాలకు మించి ఉండదు. ఆవిరి పట్టినా ఆగకుండా నడిచేలా సాఫ్ట్‌వేర్ మార్చడం సాధ్యమే, కానీ అప్పుడు రోబోకు దూరపు వస్తువులు కనబడవు. కాబట్టి అలా చేయడం లేదు.
>
> మీ నుంచి కావలసింది: పోర్టికోలో కప్పు కింద 16 ఆంపియర్ల సాకెట్ ఒకటి, మూతతో, లీకేజీ కరెంటుకు ట్రిప్ అయ్యే బ్రేకర్‌తో. 19వ తేదీకల్లా అయితే కింది తేదీలు నిలుస్తాయి.
>
> 20 నుంచి 26 వరకు సాయంత్రం 6 నుంచి 9 దాకా పార్సిళ్లు లేకుండా పరీక్ష, కనీసం 60 ట్రిప్పులు. ఆవిరి వల్ల ఒకటికి మించి ఆగితే పైలట్ మొదలుపెట్టం, హీటర్ తెర వచ్చేదాకా వాయిదా వేస్తాం. 27న ఫలితం మీకు రాస్తాను.
>
> కొత్త ఆరు వారాలు నవంబరు 8 దాకా పోతాయి, అందులో ఈశాన్య రుతుపవనాల వానలుంటాయి. జోరు వానలో రోబో బయటికి రాదు. కాబట్టి పైలట్‌ను వారాలతో కాక 900 ట్రిప్పులతో లెక్కిద్దామని నా ప్రతిపాదన. ఆగిన రోజులకు బిల్లు ఉండదు.

"అసౌకర్యానికి చింతిస్తున్నాం" అన్న వాక్యం ఇందులో లేదు. బిల్లు ఉండదన్న మాటలో ఆ పని జరిగిపోయింది. కారణం తేలని 3 సందర్భాలను ఉంచాలా అన్నది చివరిదాకా చర్చలో ఉంది. లెక్కను 41కి 41గా చూపితే మెయిల్ ఇంకా గట్టిగా ఉండేది. కానీ తర్వాత ఒక్క రోబో పొడి మధ్యాహ్నం ఆగినా మొత్తం వివరణ మీద అనుమానం వచ్చేది. ఆ మూడింటికీ ముందే చోటు ఇచ్చారు.

ఏం జరిగింది

ఆవిడ గ్లాసు పరీక్ష చేయలేదు. తన కళ్లజోడు తీసి లాబీ బల్ల మీద అరగంట ఉంచి, కమిటీ కార్యదర్శి చేతికిచ్చి బయటికి తీసుకెళ్లమన్నారు. సాకెట్‌కు అనుమతి ఆ సాయంత్రమే వచ్చింది.

దాంతో పాటు ఒక ప్రశ్న వచ్చింది: డాక్ కదిపే బదులు లాబీ ఏసీనే 26 చేస్తే పోదా? ఇంజినీరు ఫోన్‌లో చెప్పాడు, 26కూ 25.7కూ మధ్య తేడా వానొచ్చిన సాయంత్రం నిలవదని, పైగా రోబో కోసం లాబీ వెచ్చబడిందని తెలిస్తే నివాసులు ఊరుకోరని. రెండో కారణానికి ఆవిడ నవ్వి వదిలేశారు.

సాకెట్ మాత్రం 19కి కాలేదు. అసోసియేషన్ ఎలక్ట్రీషియన్‌కు బ్రేకర్ దొరకడం ఆలస్యమై 21కి అయింది. ఇంజినీరు 18వ తేదీ రాత్రే మూడు లైన్లు రాశాడు: సాకెట్ రెండు రోజులు ఆలస్యం, కాబట్టి పరీక్ష 22 నుంచి 28, ఫలితం 29న, పైలట్ 30న, మిగతావేమీ మారవు. తేదీ తప్పాక రాసి ఉంటే అదే సమాచారం ఫిర్యాదులా వినిపించేది, అదీ క్లయింట్ వైపు ఎలక్ట్రీషియన్ మీద.

ఏడు సాయంత్రాల్లో 66 ట్రిప్పులు నడిచాయి, ఆవిరి వల్ల ఆగింది ఒక్కసారి. అది కూడా సి టవర్‌లో. 3 నిమిషాలు కాగానే రోబో బయల్దేరింది కానీ, లాబీ గాజు తలుపు తెరుచుకోలేదు. ఆ తలుపు పైనున్న సెన్సార్‌ను మనుషుల ఎత్తుకు అమర్చారు, నడుము దాకా ఉన్న డబ్బా దానికి ఆనలేదు. లోపల తొమ్మిది నిమిషాలు ఇరుక్కుని, ఎవరో తలుపు దగ్గరికొస్తే బయటపడి, పోర్టికో మెట్ల దగ్గర తెర మసకబారి ఆగింది. 29వ తేదీ మెయిల్‌లో ఆ ఒక్కదాన్ని మిగతా 65 కంటే ఎక్కువ వాక్యాల్లో రాశారు. తలుపు సెన్సార్ కోణం మార్చడానికి ఎవరిని పిలవాలో కూడా అడిగారు.

పైలట్ 30న మొదలైంది. కారణం తేలని ఆ మూడింటిలో రెండు ఒకే చోట, "ఈ" టవర్ ముందు, మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో జరిగాయని తర్వాత తెలిసింది. అక్కడ కొత్తగా వేసిన స్టీలు రెయిలింగ్ మీద ఎండ పడి మెరుస్తుంది. అది ఇంకో మెయిల్.

స్టార్టప్ సైట్ సర్వే ఫారంలో ఇప్పుడు రెండు కొత్త గడులున్నాయి: డాక్ ఉండే చోటి ఏసీ ఎన్ని డిగ్రీలు, ఆ ఊళ్లో సాయంత్రం డ్యూ పాయింట్ ఎంత. రెండోది మొదటిదాన్ని దాటితే డాక్ బయటే.